భీమవరం దీపావళి, ముంబై దీపావళి, మధ్యలో మన షేర్ల డాష్‌బోర్డు

షేర్ల డాష్‌బోర్డు ఎవరు చూపించినా నా కళ్లు ముందు వెళ్లేది పైన కుడివైపు మూలకి. అక్కడ "చివరిగా అప్‌డేట్ అయిన సమయం" అని ఓ గడి ఉంటుంది. దాదాపు అందరి దగ్గరా అందులో కనిపించేది ప్రోగ్రాం ఆఖరుసారి నడిచిన టైము. ధర ఏ రోజుదో చెప్పే గడి మాత్రం ఎక్కడా ఉండదు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి తెరిచినా ఆకుపచ్చ చుక్క వెలుగుతూ "ఇప్పుడే అప్‌డేట్ అయింది" అంటుంది. కింద ఉన్నది శుక్రవారం ధర.

ఆదివారం కాబట్టి ఎవరూ మోసపోరు. మోసపోయేది మనకి పండగ, ముంబై మార్కెట్‌వాళ్లకి పని ఉన్న రోజున. లేదా వాళ్లకి సెలవని రాసి ఉండి కూడా ఒక గంటసేపు మార్కెట్ నడిచిన రోజున. గోదావరి జిల్లాల్లో కూర్చుని షేర్లు చూసుకునేవాళ్లకి ఈ రెండూ ఏటా తగిలేవే.

మావైపు షేర్ల పిచ్చి చాలావరకు చెరువు గట్టు మీంచి వచ్చిందే. రొయ్యల మేత వేసేవాడికి కొవ్వూరులో ఫ్యాక్టరీ ఉన్న అవంతి ఫీడ్స్ తెలుసు. కాకినాడ అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ తెలుసు. తణుకు వాళ్లకి ఆంధ్రా షుగర్స్ అంటే పక్కింటి సంగతి. దానికి తోడు ఇంటికొకరు అమెరికాలో ఉంటారు, వాళ్ల కంపెనీ ఇచ్చిన షేర్లు కొన్ని ఉంటాయి. అమ్మ పేరున ఒక డీమ్యాట్, నాన్న పేరున ఒకటి, పిల్లాడివి డాలర్లలో. ఇవన్నీ ఒకచోట చూడాలంటే ఏ బ్రోకరు యాప్ సరిపోదు, ఎవరో ఒకరు షీటు కట్టాలి. అలా కట్టిన షీటునే మా ఊళ్లో ఒక మేత దుకాణంలో గోడ టీవీకి ఎక్కించారు. అది కట్టిన కుర్రాడు నా స్నేహితుడే. కోడ్ బాగా రాస్తాడు. ఈ వ్యాసం ఒక రకంగా అతనితో ఇంకా తెగని వాదన.

అతని పద్ధతి సులువు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు అయిదు నిమిషాలకోసారి ధర తెస్తాడు. సాయంత్రం నాలుగింటికి ఆఖరి ధరని ఆ రోజు వరసలో రాసి పెడతాడు. ఎక్స్ఛేంజి సెలవుల జాబితాలో ఉన్న రోజులు వదిలేస్తాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇది చక్కగా నడుస్తుంది, అందుకే తప్పు బయటపడదు.

2024 దీపావళి చూడండి. మన రాష్ట్రంలో అక్టోబరు 31, గురువారం పండగ. ఊరంతా టపాకాయలు. ముంబైలో మార్కెట్ ఆ రోజు మామూలుగా పూర్తిపూట నడిచింది, నిఫ్టీ 24,205.35 దగ్గర ముగిసింది. మర్నాడు నవంబరు 1, శుక్రవారం లక్ష్మీపూజ అని మార్కెట్‌కి సెలవు. జాబితాలో సెలవనే ఉంటుంది, పక్కన చిన్న చుక్క గుర్తు, అడుగున ఒక వాక్యం: ముహూరత్ ట్రేడింగ్ జరుగుతుంది, వేళ తరవాత తెలియజేస్తాం. పండగ శుభానికి పెట్టే ఆ ముహూరత్ కోసం సాయంత్రం ఆరు నుంచి ఏడింటి దాకా గంటసేపు మార్కెట్ తెరిచారు. నిఫ్టీ 99 పాయింట్లు పెరిగి 24,304.35 దగ్గర ఆగింది. తరవాత శని, ఆదివారాలు. నవంబరు 4 సోమవారం మార్కెట్ బాగా పడి 23,995.35 దగ్గర ముగిసింది.

సోమవారం ఎంత పడింది? మార్కెట్ లెక్కలో 309 పాయింట్లు, అంటే 1.27 శాతం. నవంబరు 1ని సెలవుగా వదిలేసిన డాష్‌బోర్డు లెక్కలో నిన్నటి ధర అంటే గురువారం ధర. కాబట్టి పడింది 210 పాయింట్లు, 0.87 శాతం. రెండూ కూడికల తీసివేతల్లో సరైనవే. కానీ టీవీలో వార్తలు 1.27 అంటుంటే గోడమీది తెర 0.87 అంటుంది. దుకాణానికి వచ్చినవాళ్లు "ఏవండీ, మీ బొమ్మలో తక్కువ పడిందేంటండి?" అని అడుగుతారు. సెన్సెక్స్‌లో తేడా ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది: ఆ రోజు 941.88 పాయింట్లు పడితే, ముహూరత్‌ని మింగేసిన షీటు 606.82 అని చూపిస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది, తప్పు జరిగిన రోజు శుక్రవారం, కనిపించిన రోజు సోమవారం. మంగళవారానికి శాతం మళ్లీ సరిగ్గా వస్తుంది, ఎందుకంటే సోమవారం ధర సరిగ్గానే రాశారు కదా. చూసినవాడు "ఏదో నెట్ సమస్య" అనుకుని వదిలేస్తాడు. శుక్రవారం వరస మాత్రం ఎప్పటికీ ఉండదు.

నా వాదన ఇదీ. "ఇవాళ వారం ఏమిటి, సెలవా కాదా" అని డాష్‌బోర్డు అడక్కూడదు. "ఇప్పటికి ఆఖరుగా పూర్తయిన సెషన్ ఏది" అని అడగాలి. ఆ ప్రశ్నకి జవాబు వారాల్లో దొరకదు, సెలవుల జాబితాలో కూడా దొరకదు. సెషన్ల జాబితాలో దొరుకుతుంది. సెలవుల జాబితా ఎప్పుడు తెరవరో చెబుతుంది, మనకి కావాల్సింది ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో. అందుకని సెషన్‌కి ఒక వరస పెట్టుకోవాలి. సెషన్ లేని రోజుకి వరసే ఉండదు.

```
market,session_date,open,close,tz,kind
NSE,2024-10-31,09:15,15:30,Asia/Kolkata,full
NSE,2024-11-01,18:00,19:00,Asia/Kolkata,muhurat
NSE,2024-11-04,09:15,15:30,Asia/Kolkata,full
NYSE,2024-11-27,09:30,16:00,America/New_York,full
NYSE,2024-11-29,09:30,13:00,America/New_York,early
```

ప్రోగ్రాం ఎన్నిసార్లు నడిచినా ఫరవాలేదు. నడిచిన ప్రతిసారీ ఈ పట్టికలోంచి, ఒక్కో మార్కెట్‌కి విడివిడిగా, మూసిన వేళ దాటి కొంత ఆగిన సెషన్లలో ఆఖరిదాన్ని తీస్తుంది. దాని ధర ఇప్పటికే మన దగ్గరుంటే ఏమీ చెయ్యదు, లేకపోతే తెస్తుంది.

```python
def last_done(rows, now, wait):
    done = [r for r in rows if r.close_at + wait <= now]
    return max(done, key=lambda r: r.close_at)
```

`close_at` అంటే పట్టికలోని తేదీ, మూసే వేళ, టైమ్ జోన్ మూడూ కలిపి కట్టిన క్షణం. ఇంట్లో కరెంటు పోయి ప్రోగ్రాం రెండు రోజులు నడవకపోయినా ఇదే తర్కంతో, కాస్త పొడిగించి, తప్పిపోయిన సెషన్లన్నీ వరసగా తెచ్చుకోవచ్చు. గడియారం చూసి నడిచే పద్ధతిలో ఆ రెండు రోజులూ పోయినట్టే. వర్షాకాలంలో డెల్టాలో కరెంటు సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

"కొంత ఆగిన" అన్నాను చూశారా, ఆ ఆగడం ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి. 3:30కి తెరమీద నిలిచిపోయిన ధర ముగింపు ధర కాదు. అది ఆఖరి లావాదేవీ ధర. మన ఎక్స్ఛేంజిల్లో చాలా ఏళ్లుగా నడుస్తున్న పద్ధతిలో ముగింపు ధర అంటే చివరి అరగంటలో, అంటే 3 నుంచి 3:30 దాకా, చేతులు మారిన షేర్లన్నిటి బరువు వేసి తీసిన సగటు. రొయ్యల పట్టుబడి తెలిసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక: ఆఖరి ట్రేకి పలికిన రేటు చెరువు మొత్తానికి గిట్టిన రేటు కాదు.

చిన్న లెక్క వేద్దాం, అంకెలు నేను కల్పించినవే. అంతగా లావాదేవీలు లేని ఒక షేరు. చివరి అరగంటలో 700 రూపాయలకి వెయ్యి షేర్లు, 704కి నాలుగు వందలు, 3:29కి ఎవరో తొందరపడి 712కి ఇరవై కొన్నారు. మొత్తం 1,420 షేర్లు, చేతులు మారిన డబ్బు 9,95,840 రూపాయలు. సగటు 701.30. తెరమీద 712 నిలిచి ఉంటుంది, ముగింపు ధర 701.30 అవుతుంది. తేడా ఒకటిన్నర శాతం. రిలయన్స్ లాంటి పెద్ద షేర్లలో ఈ తేడా పైసల్లో పోతుంది. మావైపు వాళ్లు ఇష్టపడే చిన్న ఆక్వా, పంచదార షేర్లలో కంటికి కనపడుతుంది. మర్నాడు మార్కెట్ శాతాలు లెక్కేసేది 701.30 మీద. మీ షీటులో 712 ఉంటే, షేరు 705కి చేరినా మీకు ఎరుపు, ఊరంతటికీ ఆకుపచ్చ.

ఈ సగటుని మీరే లెక్క కట్టకండి. నియమం ఎక్స్ఛేంజిది, రేపు మార్చుకుంటే మార్చుకుంటుంది. సాయంత్రం అది విడుదల చేసే రోజువారీ ఫైలు ఉంది, దాన్నే భావ్‌కాపీ అంటారు. 2024 జులై నుంచి ఎన్‌ఎస్‌ఈ దాన్ని కొత్త రూపంలో ఇస్తోంది. అందులో `ClsPric` ముగింపు ధర, `LastPric` ఆఖరి లావాదేవీ ధర, రెండూ పక్కపక్క గడుల్లో వేరువేరుగా ఉంటాయి. `TradDt` ట్రేడ్ జరిగిన తేదీ. `PrvsClsgPric` అంతకుముందు ముగింపు. మన డాష్‌బోర్డుకి ఈ నాలుగూ చాలు.

ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది `PrvsClsgPric`. చాలామంది దాన్ని చూడనే చూడరు, నిన్నటి ధర మన దగ్గర ఉంది కదా అని. సరిగ్గా అందుకే చూడాలి. ఇవాళ వచ్చిన ఫైలులో ముందటి ముగింపు అని ఏముందో, మన దగ్గర ఆఖరు వరసలో ఏముందో పోల్చండి. రెండూ ఒకటైతే గొలుసు తెగలేదు. తేడా వస్తే మధ్యలో ఒక సెషన్ మనకి తెలియకుండా జరిగిపోయిందన్నమాట, లేదా మనం ముగింపు ధరకి బదులు ఆఖరి లావాదేవీ ధర రాసుకున్నామన్నమాట. బోనసు, షేరు విభజన లాంటివి అమలైన రోజున కూడా తేడా రావచ్చు, అప్పుడు కంపెనీ ప్రకటన చూడాలి. ఎలా చూసినా, తేడా వచ్చిన రోజు ప్రోగ్రాం రాయడం ఆపి మనిషిని పిలవాలి. 2024 నవంబరు 4 సాయంత్రం ఈ ఒక్క పోలిక ఉండుంటే దాదాపు ప్రతి షేరుకీ తేడా వచ్చేది. ఒక్క షేరుకి తేడా వస్తే కంపెనీ సంగతి, అన్నిటికీ ఒకేసారి వస్తే క్యాలెండర్ సంగతి.

అలాగే `TradDt`. మనం వెతుకుతున్న సెషన్ తేదీ, ఫైలులో తేదీ ఒకటి కాకపోతే రాయకూడదు. సెలవు రోజున అడిగినా చాలా సేవలు నోరు మెదపకుండా పాత ధరే ఇస్తాయి. మన ప్రోగ్రాం దానికి ఇవాళ్టి తేదీ తగిలించి "మార్పు 0.00" అని ఓ వరస రాస్తుంది. చూడ్డానికి హాని లేనట్టుంటుంది. కానీ 20 రోజుల సగటు తీసే గీత ఉందనుకోండి, ఇరవై వరసల్లో శని, ఆదివారాలు కూడా దూరితే నిజంగా ఉన్నవి పద్నాలుగో పదిహేనో సెషన్లు. శుక్రవారం ధరకి మూడు ఓట్లు పడతాయి. సగటు నెమ్మదిగా కదులుతుంది, షేరు నిజానికంటే నిలకడగా ఉన్నట్టు కనిపిస్తుంది.

గూగుల్ షీట్లలో కట్టుకునేవాళ్లకి భావ్‌కాపీ తెచ్చే ఓపిక ఉండకపోవచ్చు. సరే, కనీసం ధర పక్కన ఇంకో గడి పెట్టండి:

```
=GOOGLEFINANCE("NSE:AVANTIFEED","price")
=GOOGLEFINANCE("NSE:AVANTIFEED","tradetime")
```

రెండోది ఆఖరి లావాదేవీ ఎప్పుడు జరిగిందో చెబుతుంది. మొదటిది ఇరవై నిమిషాల దాకా ఆలస్యంగా రావచ్చని గూగుల్ తనే రాసుకుంది. తెరమీద పెద్ద అక్షరాల్లో చూపించాల్సింది ఆ రెండో గడి, ప్రోగ్రాం నడిచిన టైము కాదు.

అమెరికా షేర్ల దగ్గర కథ మారుతుంది. అక్కడ అర్ధపూటలు ముందే ఖరారై ఉంటాయి. థ్యాంక్స్‌గివింగ్ మర్నాటి శుక్రవారం న్యూయార్క్ మార్కెట్ సాయంత్రం నాలుగింటికి బదులు మధ్యాహ్నం ఒంటిగంటకే మూస్తుంది. క్రిస్మస్ ముందురోజు పనిదినమైతే అప్పుడూ అంతే. 2024లో ఆ శుక్రవారం నవంబరు 29. చలికాలంలో వాళ్ల నాలుగు అంటే మనకి తెల్లవారుజామున 2:30. ఆ రోజు మాత్రం రాత్రి 11:30కే అయిపోయింది. వేసవిలో వాళ్లు గడియారం గంట ముందుకి తిప్పుతారు కాబట్టి మామూలు ముగింపు 1:30కి వస్తుంది. ఈ గంటల్ని చేత్తో కలుపుకుంటూ పోతే ఏటా రెండుసార్లు తప్పుతాయి. పట్టికలో `America/New_York` అని రాసి, ప్రోగ్రాంని లెక్క వేసుకోనివ్వాలి.

తెల్లవారుజామున మూడింటికి ధర తెచ్చేవాళ్లకి అర్ధపూట వల్ల ధర తప్పదు, ఎప్పుడో మూసేశారు కదా. తప్పేది హెచ్చరికలు. "ధర పావుగంట నుంచి కదల్లేదు" అని ఎర్రదీపం వెలిగే ఏర్పాటుంటే ఆ రాత్రి 11:45 నుంచి 2:30 దాకా వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు డల్లాస్‌కి ఫోన్ చేస్తారు: "ఒరేయ్, మీ కంపెనీకి ఏమైనా అయిందేంట్రా?" అక్కడ పిల్లాడు సెలవుకి ఎక్కడో రోడ్డుమీద ఉంటాడు. ఇంకోటి, మనం తెచ్చుకునేసరికి ఇక్కడ శనివారం. వరసకి శనివారం తేదీ వేస్తే ఆ సెషన్ ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు. అందుకే `session_date` ఎప్పుడూ ఆ ఊరి తేదీనే, మనం తెచ్చిన తేదీ కాదు.

పట్టికలో ఆఖరున `kind` అని ఎందుకు పెట్టానో ఇప్పుడు చెప్పొచ్చు. ముగింపు ధర విషయంలో గంట సెషన్ కూడా నిండు సెషనే. మర్నాటి శాతానికి పునాది అదే, సగటులో దాని వరస ఒక పూర్తి వరసే. ఎన్ని షేర్లు చేతులు మారాయన్న లెక్కలో మాత్రం కాదు. ముహూరత్ గంటలో చాలామంది శుభానికి ఒకటో రెండో కొని లేస్తారు. ఆ పరిమాణాన్ని ఆరుంబావు గంటల సెషన్ పక్కన పెట్టి "లావాదేవీలు కుప్పకూలాయి" అని బాణం గుర్తు చూపిస్తే నవ్వుతారు. కాబట్టి ధరలో కలుపు, పరిమాణం సగటులో వదిలెయ్యి. దీనిమీద వేరే అభిప్రాయాలున్నాయి. అర్ధపూట ధరని కూడా పక్కన పెట్టాలనేవాళ్లని చూశాను. అది నాకు అర్థం కాదు. ఆ గంటలో కొన్న షేరు కొన్నదే కదా.

ఇంతకీ నా స్నేహితుడి ఎదురువాదన. "ఏడాదికో గంట కోసం ఇంత పట్టిక ఎందుకు? దీపావళి ఒక్కటి విడిగా రాసేస్తే పోలా?" అంటాడు. ఒక్కటి కాదు. 2024 జనవరి చూడండి. 20వ తేదీ శనివారం, విపత్తు వస్తే వాడుకునే ప్రత్యామ్నాయ కేంద్రం పరీక్ష కోసం రెండు చిన్న సెషన్లు పెడతామని ముందు చెప్పారు. 22 సోమవారం అయోధ్య ప్రాణప్రతిష్ఠ. 19వ తేదీ శుక్రవారం పొద్దుపోయాక సోమవారం మార్కెట్‌కి సెలవని, బదులుగా శనివారం పూర్తిపూట నడుస్తుందని ప్రకటించారు. ఒక్క రాత్రిలో చిన్న సెషన్లు పెద్దదయ్యాయి, సోమవారం ఎగిరిపోయింది. వాయిదాపడ్డ ఆ పరీక్ష మార్చి 2, శనివారం జరిగింది: 9:15 నుంచి 10 దాకా ఒక సెషన్, 11:30 నుంచి 12:30 దాకా ఇంకొకటి. ముగింపు ధర మాత్రం రోజుకి ఒకటే. అదే ఏడాది నవంబరు 20 బుధవారం మహారాష్ట్ర ఎన్నికలని సెలవిచ్చారు, అది ఏడాది మొదట్లో వచ్చిన జాబితాలో లేదు. 2025 ఫిబ్రవరి 1 శనివారం బడ్జెట్ కోసం పూర్తిపూట తెరిచారు. "సోమ నుంచి శుక్ర" అన్న షరతు ఒక్కటే ఇందులో ఎన్నిసార్లు విరిగిందో చూసుకోండి.

మన పండగలు ఇంకో ఎత్తు. 2025లో భోగి, సంక్రాంతి, కనుమ మూడురోజులూ మార్కెట్ నడిచింది. భీమవరంలో ఆ మూడురోజులూ మనిషన్నవాడు దుకాణంలో దొరకడు, ఎక్కడుంటాడో అందరికీ తెలుసు. 2024 ఉగాది, ఏప్రిల్ 9 కూడా పనిదినమే. సెన్సెక్స్ మొదటిసారి 75,000 దాటింది ఆ రోజే. చేత్తో ధరలు నింపే షీట్లలో గుంతలుండేది సరిగ్గా ఈ తేదీల్లో. వాళ్ల బలిప్రతిపద మనకి పట్టదు, మన కనుమ వాళ్లకి పట్టదు. క్యాలెండర్‌ని తెలుగు పంచాంగం నుంచో బ్యాంకు సెలవుల నుంచో కట్టకూడదనేది ఇందుకే.

పట్టికకి ఉన్న పెద్ద లోటు, దాన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి. డిసెంబరులో మరుసటి ఏడాది సెలవులు వస్తాయి, అప్పుడు నింపేస్తే పని అయిపోదు. ముహూరత్ వేళ పండగ దగ్గరపడ్డాక వస్తుంది. అప్పటిదాకా ఆ వరసలో వేళ ఖాళీగా ఉంచి, ఖాళీ ఉందని తెరమీద కనిపించేలా పెట్టాలి. పోయినేడాది వేళే ఉంటుందిలే అని రాసేసుకోకూడదు. 2025లో మనం దీపావళి చేసుకున్నది అక్టోబరు 20, సోమవారం. ఆ రోజు మార్కెట్ మామూలే. ముహూరత్ మర్నాడు, మంగళవారం, అదీ ఎప్పటిలా సాయంత్రం కాకుండా మధ్యాహ్నం 1:45 నుంచి 2:45 దాకా. బుధవారం బలిప్రతిపద సెలవు. మళ్లీ తెరిచింది గురువారం. పాత వేళ నమ్ముకుని రాత్రి ధర తెచ్చుకున్నవాళ్లకి ముగింపు సరిగ్గానే వచ్చింది, ఆలస్యంగా వచ్చిందంతే. గోడ టీవీ మీద మాత్రం మధ్యాహ్నం రెండింటికి, ధరలు కదులుతున్న వేళ, "మార్కెట్ మూసి ఉంది" అని ఉంటుంది. ఆరింటికి తెరిచినట్టు చూపించి, కదలని ధర ముందు జనాన్ని గంటసేపు కూర్చోబెడుతుంది.